"వేర్ ఈజ్ హీ" తప్పట, "హూ ఈజ్ నాకింగ్" ఒప్పట: తేడా ఎక్కడుంది?

పోచంపాడు_కుర్రాడు
అందరికీ నమస్కారం. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్ 1కి చదువుతున్నాను. ఇంగ్లిష్‌లో 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పు పెడితే అర మార్కు కోత. నాకు ఎక్కువగా పోతున్నవి తప్పు పట్టే ప్రశ్నలే. ఫోన్‌లో తెలుగు కీబోర్డే ఉంది, ఇంగ్లిష్ వాక్యాలు కూడా తెలుగులోనే కొడుతున్నాను, ఏమనుకోకండి.

ఆదివారం మాక్‌లో వచ్చింది ఇది: "ఐ వండర్ / వేర్ ఈజ్ హీ / దీజ్ డేస్. / నో ఎర్రర్". వాక్యం ప్రశ్నలా ఉంది, చివర ప్రశ్న గుర్తు లేదు కదా అని మూడో భాగం తప్పని పెట్టాను. కీ చూస్తే రెండో భాగం. "వేర్ హీ ఈజ్" అని ఉండాలట. సరే, మధ్యలో ప్రశ్న పదం వస్తే తిప్పకూడదని రాసి పెట్టుకున్నాను.

మంగళవారం మాక్‌లో ఇది వచ్చింది: "డు యూ నో / హూ ఈజ్ నాకింగ్ / ఎట్ ద డోర్? / నో ఎర్రర్". రాసి పెట్టుకున్న రూల్ ప్రకారం "హూ ఈజ్" తప్పని రెండో భాగం పెట్టాను. కీలో తప్పేమీ లేదని ఉంది. పైగా దీనికి చివర ప్రశ్న గుర్తు ఉంది, ఆదివారం దానికి లేదు. రెండు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది. ఎవరైనా చెప్పండి.

బ్యాంక్_ఆశ_గుంటూరు
తమ్ముడూ, నేను నాలుగేళ్లుగా బ్యాంక్ పరీక్షలు రాస్తున్నాను, ఇది చాలాసార్లు చూశాను. వాక్యం మధ్యలో వేర్, వై, వెన్, హౌ, వాట్ వస్తే వెంటనే ఈజ్, ఆర్, వాజ్, డస్, డిడ్, విల్ రాకూడదు. వస్తే అదే తప్పు, ఇంకేం చూడకుండా పెట్టేసేయ్. ఒక్క "హూ"కి మాత్రం మినహాయింపు. దాని తర్వాత ఈజ్ వచ్చినా తప్పు కాదు. నేనిలాగే పెట్టి మార్కులు తెచ్చుకున్నాను.

రైల్వే_రాజు
ఇదే డౌట్ నాకూ ఉంది. "హార్డ్‌లీ హ్యాడ్ ఐ రీచ్డ్ ద స్టేషన్ వెన్ ద ట్రెయిన్ లెఫ్ట్" అన్న వాక్యంలో "హ్యాడ్ ఐ" అని తిప్పి రాశారు, అయినా కీలో తప్పు లేదన్నారు. మధ్యలో "వెన్" కూడా ఉంది. అంటే ఈ రూల్ కొన్నిసార్లు పనిచేయదా?

విశ్రాంత_మాస్టారు_తెనాలి
రాజు బాబూ, నీది వేరే సంగతి. "హార్డ్‌లీ", "నో సూనర్", "నెవర్" లాంటి కాదనే మాట వాక్యం మొదట్లోకి వచ్చి కూర్చుంటే వెనకాల తిప్పి తీరాలి. అక్కడ ప్రశ్న ఏమీ లేదు. నీ వాక్యంలో "వెన్" కూడా ప్రశ్న పదం కాదు, "అప్పుడు" అని కలిపే మాట. దాని తర్వాత "ద ట్రెయిన్ లెఫ్ట్" అని మామూలుగానే ఉంది చూడు. అది విడిగా అడుగు, ఇక్కడ కలిపితే ఈ కుర్రాడికి ఇంకా గందరగోళం.

ఆశమ్మా, నువ్వు చెప్పినదాంతో చాలా ప్రశ్నలకు మార్కులు వస్తాయి, కాదనను. కానీ "హూ" మినహాయింపు అన్నావు చూడు, అక్కడ దెబ్బ తింటావు. "ఐ డోంట్ నో హూ ఈజ్ షీ" అని వస్తే ఏం చేస్తావు? అందులోనూ "హూ" తర్వాత "ఈజ్" ఉంది. కానీ అది తప్పు, "హూ షీ ఈజ్" అనాలి. అదే "టెల్ మీ వాట్ హ్యాపెన్డ్" చూడు. అక్కడ "హూ" లేదు, "వాట్" పక్కనే వెర్బ్ ఉంది, అయినా ఒప్పే. కాబట్టి ప్రశ్న పదం ఏదన్నది కాదు, ఆ పదం ఏ పని చేస్తోందన్నది చూడాలి.

నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఒకటే. లోపలున్న ప్రశ్నకు ఒక జవాబు ఊహించి పూర్తి వాక్యంగా చెప్పు. "హూ ఈజ్ నాకింగ్" అంటే జవాబు "రవి ఈజ్ నాకింగ్". రవి "ఈజ్"కి ముందు కూర్చున్నాడు. అంటే "హూ" అన్నదే సబ్జెక్ట్. సబ్జెక్ట్ ముందు, వెర్బ్ వెనుక, మామూలు వరసే. అక్కడ తిప్పిందే లేదు, ఇక సరిచేయడానికి ఏముంటుంది? "వేర్ ఈజ్ హీ" అంటే జవాబు "హీ ఈజ్ ఇన్ ఢిల్లీ". ఢిల్లీ "ఈజ్" తర్వాత వచ్చింది, సబ్జెక్ట్ "హీ". ప్రశ్నలో "ఈజ్" ఆ "హీ"ని దాటి ముందుకు దూకింది. "ఐ వండర్" తర్వాత ఆ దూకుడు పనికిరాదు.

ప్రశ్న గుర్తు సంగతికి వస్తే, అది లోపలి ప్రశ్నను బట్టి రాదు, బయటి వాక్యాన్ని బట్టి వస్తుంది. "ఐ వండర్" అంటే నేను నా ఆలోచన చెబుతున్నాను, అడగడం లేదు. అందుకే ఫుల్‌స్టాప్. "డు యూ నో" అంటే నిన్ను అడుగుతున్నాను. అందుకే ప్రశ్న గుర్తు.

నెల్లూరు_నాన్న
మాస్టారూ, మా అమ్మాయి పదో తరగతి. దానికి నేను తెలుగులోనుంచి చెప్పాను, బాగా పట్టుకుంది. "అతను ఎక్కడున్నాడు?" అంటే నేరు ప్రశ్న, తిప్పాలి. "అతను ఎక్కడున్నాడో తెలియదు" అంటే చివర "ఓ" వచ్చింది, తిప్పకూడదు. తెలుగు వాక్యంలో "ఓ" వినిపిస్తే ఈజ్, వాజ్ లాంటివి చివరికి పంపెయ్ అని చెప్పాను. వెన్ విల్ హీ కమ్, ఎప్పుడొస్తాడు. వెన్ హీ విల్ కమ్, ఎప్పుడొస్తాడో. ఇంతకన్నా తేలిక దారి లేదనిపించింది.

విశ్రాంత_మాస్టారు_తెనాలి
చాలా బాగా పట్టుకున్నారు. ఇంగ్లిష్ వరస మార్చి చేసే పనిని తెలుగు క్రియ చివర ఒక్క అచ్చుతో చేస్తుంది. మనకు చిన్నప్పటినుంచీ ఉన్న చెవి అది, వాడుకోవాల్సిందే.

ఒక్క చిన్న సవరణ. "చివరికి పంపెయ్" అనకండి, "సబ్జెక్ట్ వెనక్కి పంపెయ్" అనండి. ఆదివారం ప్రశ్నే చూడండి. చివరికి పంపితే "వేర్ హీ దీజ్ డేస్ ఈజ్" అవుతుంది, అది తప్పు. "వేర్ హీ ఈజ్ దీజ్ డేస్" కావాలి. మీ ఉదాహరణల్లో కూడా "వెన్ హీ విల్ కమ్"లో "విల్" చివరికి పోలేదు, "హీ" పక్కకు వచ్చి ఆగింది.

ఇంకో మాట. ఆ "ఓ" క్రియ మీద ఉండాలి. "ఎవరో తలుపు కొడుతున్నారు" అంటే "ఓ" వినిపిస్తుంది, కానీ అది "సమ్‌వన్" అని అర్థం. "ఎవరు తలుపు కొడుతున్నారో" అంటేనే మన ప్రశ్న.

పోచంపాడు_కుర్రాడు
మాస్టారూ, జవాబు ఊహించే పద్ధతి అర్థమైంది. నెల్లూరు అన్న చెప్పిన "ఓ" పద్ధతి కూడా రాత్రి పాత ప్రశ్నల మీద పెట్టి చూశాను. బాగానే వెళ్తూ ఒకచోట ఆగిపోయింది. "హీ ఆస్క్డ్ మీ / వేర్ వాజ్ ఐ గోయింగ్ / సో ఎర్లీ. / నో ఎర్రర్". దీన్ని తెలుగులో అనుకుంటే నాకు "ఇంత పొద్దున్నే ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు" అనే వచ్చింది. "ఓ" లేదు. కాబట్టి తిప్పొచ్చు, తప్పు లేదని పెట్టాను. కీలో రెండో భాగం తప్పు.

విశ్రాంత_మాస్టారు_తెనాలి
నాయనా, మన తెలుగువాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. చాలామందికి తాము ఎందుకు జారారో కూడా తెలియదు.

తెలుగులో ఒక ప్రశ్నను ఇంకో వాక్యంలో ఇమడ్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి "ఓ". "తెలియదు", "చూద్దాం", "ఆలోచిస్తున్నా", "చెప్పు" లాంటి మాటల ముందు ఇదే వస్తుంది. రెండోది "అని". "అడిగాడు" ముందు మన నోటికి ఇదే అలవాటు. "అని" వాడినప్పుడు అవతలివాడు అన్న మాటను ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టేస్తాం. "ఎక్కడికి వెళ్తున్నావ్?" అన్నాడు, దానికి "అని" తగిలించాం, అంతే. లోపలి ప్రశ్న పచ్చిగానే ఉండిపోయింది. క్రియ కూడా "వెళ్తున్నావు" అనే ఉంది చూడు, అడిగించుకున్నది నేనైనా సరే.

ఇంగ్లిష్‌లో "ఆస్క్డ్" తర్వాత అలా పచ్చి ప్రశ్న పెట్టాలంటే కామా, కొటేషన్ గుర్తులు ఉండాలి. "హీ ఆస్క్డ్, 'వేర్ ఆర్ యూ గోయింగ్?'" అంటే ఒప్పే, అందులో తిప్పడమే సరైనది. పరీక్షలో ఇలాంటిది ఇచ్చినప్పుడు తొందరపడి తప్పు పెట్టేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త. కొటేషన్ గుర్తులు లేకపోతే మాత్రం మన "అని"ని "ఓ"గా మార్చుకుని చూడాలి. "నేను ఎక్కడికి వెళ్తున్నానో అడిగాడు". ఇలా మార్చగానే "వెళ్తున్నావు" పోయి "వెళ్తున్నాను" వచ్చింది, "నువ్వు" పోయి "నేను" వచ్చింది. ఇంగ్లిష్‌లో "యూ" పోయి "ఐ" వచ్చిందీ అందుకే. "వేర్ ఐ వాజ్ గోయింగ్".

నీ ప్రశ్న రాసినవాడు సగమే మార్చాడు గమనించావా? "యూ"ని "ఐ" చేశాడు, "ఆర్"ని "వాజ్" చేశాడు, వరస మాత్రం పాతదే ఉంచాడు. "ఆస్క్డ్", "ఎంక్వైర్డ్", "వాంటెడ్ టు నో" కనిపిస్తే తెలుగు అర్థం "అని"తో కాక "ఓ"తో చెప్పుకో. "వచ్చాడా అని అడిగాను" కూడా అంతే, "వచ్చాడో లేదో అడిగాను" అనుకో. అప్పుడు "ఇఫ్ హ్యాడ్ హీ కమ్" అని ఉన్నా పట్టేస్తావు, "ఇఫ్ హీ హ్యాడ్ కమ్" కావాలని తెలుస్తుంది.

నెల్లూరు_నాన్న
ఇది నాకు తట్టనే లేదు. మా అమ్మాయికి ఇవాళ్టి రాత్రే చెప్తాను. "అడిగాడు" ఉన్న వాక్యాల్లోనే అది తప్పులు చేస్తోంది, శ్రద్ధ లేదని కేకలేశాను. పద్ధతి చెప్పిన నాదే లోపం.

షికాగో_సుజాత
నేను పరీక్షలు రాసేదాన్ని కాదు గానీ ఇది చదివాక ఉండలేక రాస్తున్నాను. ఇక్కడ ఆఫీసులో పదకొండేళ్లుగా మెయిళ్లు రాస్తున్నాను. "కెన్ యూ టెల్ మీ వెన్ విల్ ద రిపోర్ట్ బి రెడీ" అనే రాస్తాను, ఎవరూ ఏమీ అనలేదు. మొన్న మా అబ్బాయి పక్కన కూర్చుని చూసి "అమ్మా, వెన్ ద రిపోర్ట్ విల్ బి రెడీ" అన్నాడు. ఎందుకురా అంటే "అలాగే వినిపిస్తుంది" అన్నాడు, కారణం చెప్పలేకపోయాడు. మీరంతా ఇక్కడ రాసింది చదివాకే ఆ కారణం నాకూ తెలిసింది.

ఇంకో విషయం. మా టీమ్‌లో ఐర్లండ్ ఆవిడ ఒకరున్నారు. ఆవిడ మాటల్లో "షీ ఆస్క్డ్ మీ వేర్ వాజ్ ఐ గోయింగ్" అనే అంటుంది. ఇంగ్లిష్ ఆవిడ పుట్టు భాషే. మరి ఆవిడది తప్పెలా అవుతుంది?

విశ్రాంత_మాస్టారు_తెనాలి
అమ్మా, ఆవిడది తప్పు కాదు. ఐర్లండ్ ఇంగ్లిష్‌లో ఆ వరస ఎప్పటినుంచో వాడుకలో ఉంది. మన దేశంలో మాట్లాడే ఇంగ్లిష్‌లోనూ చాలా వినిపిస్తుంది. అందుకే మనలో చాలామందికి "వేర్ ఈజ్ హీ" చెవికి ఏమాత్రం తప్పుగా తోచదు. పరీక్ష పెట్టేవాళ్లు కోరేది మాత్రం రాతలో స్థిరపడిన ఇంగ్లిష్‌ను. "తప్పు" అన్న మాటను ఆ పరిధిలోనే తీసుకోవాలి. "నా చెవికి బాగానే ఉంది" అని "నో ఎర్రర్" పెడితే ఈ ఒక్క రకం ప్రశ్నలో మార్కు పోతుంది.

మీ మెయిల్‌ను సరిచేసేటప్పుడు "విల్" ఒక్కటే కదిలింది, "బి రెడీ" అక్కడే ఉంది చూశారా? దూకేది మొదటి హెల్పింగ్ వెర్బ్ ఒక్కటే, వెనక్కి రావలసిందీ అదొక్కటే.

బ్యాంక్_ఆశ_గుంటూరు
మాస్టారూ, "హూ" విషయంలో నేను పొరపాటు పడ్డాను, ఒప్పుకుంటున్నాను. "హూ ఈజ్ షీ" ఎప్పుడైనా వచ్చుంటే తప్పు లేదనే పెట్టి ఉంటాను.

డస్, డిడ్ ఉన్నవి వస్తే ఏం చేయాలి? వెనక్కి పంపితే "హీ డిడ్ సెండ్" అవుతుంది. నిన్న వాక్యం సరిచేసే ప్రశ్న వచ్చింది. "ద ఆఫీసర్ ఆస్క్డ్ ద క్లర్క్ హౌ మెనీ ఫైల్స్ డిడ్ హీ సెండ్ టు ద హెడ్ ఆఫీస్". ఆప్షన్లు: "హౌ మెనీ ఫైల్స్ హీ డిడ్ సెంట్", "హౌ మెనీ హీ హ్యాడ్ సెంట్ ఫైల్స్", "హౌ మెనీ ఫైల్స్ హీ హ్యాడ్ సెంట్", "హౌ మెనీ ఫైల్స్ హ్యాడ్ హీ సెంట్". తప్పుందని తెలుసు, ఏది ఒప్పో తేల్చడానికి రెండు నిమిషాలు పట్టింది.

విశ్రాంత_మాస్టారు_తెనాలి
మంచి ప్రశ్న, నెమ్మదిగా చూద్దాం. "డు, డస్, డిడ్" అసలు వాక్యంలో ఉండవు. "హీ సెంట్ టెన్ ఫైల్స్" అన్న మామూలు వాక్యంలో "డిడ్" ఎక్కడుంది? ప్రశ్న చేయడానికి ముందుకు దూకే హెల్పింగ్ వెర్బ్ లేదు కాబట్టి "డిడ్"ను అరువు తెచ్చుకున్నాం. దూకడం మానేశాక ఆ అరువుతో పని లేదు. అది పోతూ తన దగ్గరున్న భూతకాలాన్ని అసలు క్రియకు తిరిగి ఇచ్చేస్తుంది. "సెండ్" మళ్లీ "సెంట్" అవుతుంది. "వేర్ డస్ హీ లివ్" అయితే "వేర్ హీ లివ్స్". "డస్" పోయింది, "ఎస్" వచ్చి "లివ్" మీద కూర్చుంది. "వేర్ హీ లివ్" అని ఒక ఆప్షన్, "వేర్ హీ డస్ లివ్స్" అని ఇంకోటి పెట్టి పట్టుకుంటారు.

నీ ఆప్షన్లలో మొదటిదాంట్లో "డిడ్", "సెంట్" రెండింటిలోనూ భూతకాలం ఉంది, పోయింది. నాలుగోదాంట్లో "హ్యాడ్ హీ" అని ఇంకా తిప్పే ఉంది. రెండోది చూడు, వరస సరిచేస్తున్నామన్న ఊపులో "హౌ మెనీ" నుంచి "ఫైల్స్"ను విడగొట్టారు. ఇది చాలామందిని పట్టే వల. "హౌ మెనీ ఫైల్స్", "హౌ ఓల్డ్", "వాట్ కలర్" అన్నవి ఒకే ముద్ద, కలిసే ముందుకు వస్తాయి. "ఐ డోంట్ నో హౌ హీ ఈజ్ ఓల్డ్" అని రాసేవాళ్లను చూశాను. "ఈజ్" ఒక్కటే కదలాలి, "హౌ ఓల్డ్ హీ ఈజ్". మిగిలింది మూడోది. "ఆస్క్డ్" కన్నా ముందే పంపిన సంగతి కాబట్టి "హ్యాడ్ సెంట్". "హీ సెంట్" అని ఆప్షన్ ఇచ్చినా వరస ఒప్పే. రెండూ ఇస్తే మాత్రం నేను "హ్యాడ్ సెంట్" పెట్టమంటాను.

పోచంపాడు_కుర్రాడు
మాస్టారూ, ఒక్కటి మిగిలింది. నా దగ్గరున్న పాత ప్రశ్నల కట్టలో "ఐ డోంట్ నో / హూ ఈజ్ ద కెప్టెన్ / ఆఫ్ దిస్ టీమ్. / నో ఎర్రర్" ఉంది. కీ రెండో భాగం తప్పంటోంది, "హూ ద కెప్టెన్ ఆఫ్ దిస్ టీమ్ ఈజ్" కావాలట. మీ పద్ధతి పెట్టాను. జవాబు "రవి ఈజ్ ద కెప్టెన్" అంటే రవి ముందున్నాడు, కాబట్టి "హూ ఈజ్ ద కెప్టెన్" ఒప్పు. "ద కెప్టెన్ ఈజ్ రవి" అంటే వెనుకున్నాడు, తప్పు. రెండు జవాబులూ సరిగ్గానే ఉన్నాయి కదా?

విశ్రాంత_మాస్టారు_తెనాలి
రెండూ ఒప్పే. "ఈజ్"కి అటూ ఇటూ ఒకే మనిషి ఉన్నప్పుడు ఎవరు సబ్జెక్టో తేల్చడం కష్టం. మంచి ఇంగ్లిష్ రాసేవాళ్లు రెండు రకాలుగానూ రాస్తారు. నేనే పరీక్షకుణ్ణయితే ఆ ప్రశ్న ఇవ్వను. "షీ", "హీ", "దే" లాంటి సర్వనామం ఉంటే ఈ అనుమానమే రాదు, "హూ షీ ఈజ్" ఒక్కటే ఒప్పు.

"ఆస్క్ హిమ్ వాట్ ఈజ్ ద మేటర్" కూడా ఈ గూటిదే. "వాట్ ఈజ్ రాంగ్" అన్నట్టే "వాట్ ఈజ్ ద మేటర్" అన్నది అలా స్థిరపడిపోయిన వాడుక. దాన్ని "వాట్ ద మేటర్ ఈజ్" అని మార్చకపోయినా తప్పనడానికి లేదు.

బ్యాంక్_ఆశ_గుంటూరు
నేను దీనికి ఒప్పుకోలేను మాస్టారూ. వ్యాకరణంలో రెండూ ఒప్పే కావచ్చు, పరీక్షలో ఒకటే మార్కు ఇస్తారు. నేను చూసిన ప్రాక్టీస్ పుస్తకాల కీలన్నీ "హూ ద కెప్టెన్ ఈజ్" వైపే ఉన్నాయి. పరీక్ష హాల్లో తమ్ముడు "రెండూ ఒప్పే" అనుకుని "నో ఎర్రర్" పెడితే అర మార్కు అదనంగా పోతుంది. మిగతా భాగాల్లో వేరే తప్పు కనబడకపోతే "హూ ఈజ్ ద కెప్టెన్"నే తప్పుగా పెట్టమని నా సలహా.

విశ్రాంత_మాస్టారు_తెనాలి
నీ లెక్క నాకు అర్థమైందమ్మా. కీ అలా ఉన్నంత మాత్రాన వాక్యం తప్పయిపోదని మాత్రం నేను అంటూనే ఉంటాను. అసలు పరీక్షలో ఇలాంటిది వస్తే, కీ మీద అభ్యంతరాలు తీసుకునే గడువులోపు పెట్టండి.

రైల్వే_రాజు
నా "హార్డ్‌లీ" ప్రశ్న విడిగా వేశాను మాస్టారూ, వీలున్నప్పుడు చూడండి. ఇక్కడ ఒక్కటి అడుగుతాను. "వేర్ డు యూ థింక్ / ఈజ్ హీ హైడింగ్ / ద మనీ? / నో ఎర్రర్". ఇందులో ప్రశ్న పదం మధ్యలో లేదు, మొదట్లోనే ఉంది. ప్రశ్న గుర్తు కూడా ఉంది. తప్పు లేదనుకుంటున్నాను.

పోచంపాడు_కుర్రాడు
మాస్టారు చూసేలోపు నేను ప్రయత్నిస్తాను రాజన్నా, తప్పయితే సరిచేయండి. తెలుగులో "వాడు డబ్బు ఎక్కడ దాస్తున్నాడని అనుకుంటున్నావు?" అని వస్తోంది. "అని" వచ్చింది కాబట్టి అక్కడ ఆగాలి. అడుగుతున్నది "నువ్వు ఏమనుకుంటున్నావు" అన్నదాన్ని. ఆ తిప్పడం "డు యూ థింక్"లో అయిపోయింది. "వేర్" ముందుకు వచ్చేసినా లోపల మిగిలింది మామూలు వాక్యమే, "హీ ఈజ్ హైడింగ్ ద మనీ". దాన్ని రెండోసారి తిప్పకూడదు. కాబట్టి రెండో భాగం తప్పు, "హీ ఈజ్ హైడింగ్" కావాలి.

విశ్రాంత_మాస్టారు_తెనాలి
అంతే నాయనా. ఇప్పుడు అదే వాక్యంలో "వేర్" తీసేసి "హూ డు యూ థింక్ ఈజ్ హైడింగ్ ద మనీ" అని పెట్టి, అది ఒప్పో తప్పో రాజుకు నువ్వే చెప్పు.

పోచంపాడు_కుర్రాడు
జవాబు "రవి ఈజ్ హైడింగ్ ద మనీ". రవి "ఈజ్"కి ముందున్నాడు, కాబట్టి "హూ"నే సబ్జెక్ట్, "ఈజ్" తన చోటులోనే ఉంది. తప్పు లేదు.